బటన్‌లో పట్టని తెలుగు

ఒక బస్సు టికెట్ల యాప్‌ను ఊహించుకోండి. ప్రయాణం మానుకున్న పెద్దాయన టికెట్ వద్దనుకుని ఫోన్ తీశాడు. యాప్ భాష తెలుగే. టికెట్ తెరిచి నొక్కితే అడుగున పక్కపక్కనే రెండు బటన్లు వచ్చాయి. ఎడమ దాని మీద "టికెట్‌ను రద్దు చే…" అని ఉంది. కుడి దాని మీద కూడా "టికెట్‌ను రద్దు చే…" అనే ఉంది. అందులో ఒకటి "టికెట్‌ను రద్దు చేయండి", రెండోది "టికెట్‌ను రద్దు చేయవద్దు". బటన్ వెడల్పు చాలక రెండు మాటల తోకలూ ఒకే చోట తెగిపోయాయి. ఏది నొక్కితే డబ్బు వెనక్కి వస్తుందో, ఏది నొక్కితే టికెట్ అలాగే ఉండిపోతుందో తేల్చుకోవాలంటే చీటీలు వేసుకోవాల్సిందే.

ఈ యాప్ నేను కల్పించినదే గానీ జబ్బు మాత్రం నిజం. ఇదే తెర ఇంగ్లీషులో ఉంటే ఇంత ప్రమాదం లేదు. అక్కడ ఒక బటన్ Cancel అని మొదలవుతుంది, రెండోది Don't అని మొదలవుతుంది. వెనక సగం తెగినా ముందు సగం పని చెబుతుంది. ఇంగ్లీషు వాక్యంలో ఆజ్ఞ, నిషేధం రెండూ ముందుంటాయి. తెలుగులో క్రియ చివర వస్తుంది. ఆ క్రియలోనూ అవునా కాదా అన్నది చిట్టచివరి రెండు మూడు అక్షరాల్లో తేలుతుంది. "చేయండి"కీ "చేయవద్దు"కీ తేడా అంతా తోకలోనే ఉంది. చోటు చాలనప్పుడు తోక కోసి మూడు చుక్కలు పెట్టే అలవాటు ఇంగ్లీషు తెరల నుంచి వచ్చింది. ఆ అలవాటు తెలుగు వాక్యాన్ని సరిగ్గా ప్రాణం ఉన్నచోట కోస్తుంది. ఫోన్‌లోని ఏదో వాడుకోవడానికి యాప్ అనుమతి అడిగినప్పుడు వచ్చే "అనుమతించండి", "అనుమతించవద్దు" జంటకూ ఇదే గతి పడుతుంది. ఆండ్రాయిడ్ కొత్త వెర్షన్లలో ఆ అనుమతి బటన్లను పక్కపక్కన కాకుండా ఒకదాని కింద ఒకటి, పూర్తి వెడల్పుతో పెట్టారు కాబట్టి అక్కడ ఇబ్బంది లేదు. మిగతా యాప్‌లన్నీ అలా పెట్టవు.

అసలు మాట ఎందుకు పట్టలేదు? కొలిచి చూద్దాం. ఆండ్రాయిడ్‌లో తెర మీది దూరాలను డీపీ అనే కొలతలో లెక్కిస్తారు. తెర పెద్దదైనా చిన్నదైనా, చుక్కలు దట్టంగా ఉన్నా పలచగా ఉన్నా, కంటికి దాదాపు ఒకే పరిమాణం కనిపించేలా పెట్టుకున్న ప్రమాణం అది. చాలా మామూలు ఫోన్ల తెర వెడల్పు 360 డీపీ. మన బస్సు యాప్‌లో అటూ ఇటూ 16 చొప్పున అంచు వదిలారు, మిగిలింది 328. రెండు బటన్ల మధ్య 8 ఖాళీ పోతే 320. ఒక్కో బటన్‌కు 160 వచ్చింది. బటన్ లోపల కూడా అక్షరాలు అంచుకు అంటుకోకుండా రెండు వైపులా 24 చొప్పున జాగా వదులుతారు. అది తీసేస్తే అక్షరాలకు మిగిలేది 112 డీపీ.

బటన్ల మీద సాధారణంగా వాడే అక్షర పరిమాణం 14. ఆ పరిమాణంలో ఇంగ్లీషు అక్షరం సగటున 7 డీపీ తింటుంది. Cancel ticket అనే మాటకు ఖాళీతో కలిపి 13 అక్షరాలు, అంటే 91 లోపే. హాయిగా పట్టింది. తెలుగు అక్షరం గుండ్రం, వెడల్పు ఎక్కువ. ఫాంటును బట్టి కొంచెం అటూ ఇటూ అయినా, ఒక్కోటి 11 డీపీ దాకా పడుతుంది. "టికెట్‌ను రద్దు చేయండి"లో కంటికి తొమ్మిది అక్షరాలు కనిపిస్తాయి, మధ్యలో ఒక సున్నా, రెండు ఖాళీలు. మొత్తం 114 దగ్గర తేలుతుంది. ఉన్న చోటు 112. రెండే రెండు డీపీల లోటు. కానీ ఫోన్ ఆ రెండు డీపీలే కోసి ఊరుకోదు. మూడు చుక్కలకూ చోటు కావాలి గనక ఇంకో రెండు అక్షరాలు మింగేస్తుంది.

ఈ లెక్కలో కనిపించని దొంగ ఇంకొకడున్నాడు. ఇంగ్లీషు బటన్ల మీద అన్నీ పెద్దక్షరాలు వేయడం ఒకప్పటి ఫ్యాషన్. పెద్దక్షరాలు ఒకదానికొకటి ఒరుసుకోకుండా ఉండాలని గూగుల్ మెటీరియల్ డిజైన్ రెండో తరంలో బటన్ అక్షరాల మధ్య ఒకటింబావు చొప్పున అదనపు ఎడం ఇచ్చారు. తెలుగుకు పెద్దక్షరాలు లేవు, ఆ ఎడంతో పనీ లేదు. అయినా అదే స్టైల్ తెలుగు మాట మీదా వచ్చి కూర్చుంటుంది. మన బటన్‌లో దానివల్ల ఇంకో పన్నెండు, పదమూడు డీపీలు గాల్లో కలిసిపోతాయి. మూడో తరం మెటీరియల్‌లో ఈ ఎడాన్ని దాదాపు లేకుండా చేశారు గానీ పాత స్టైల్ మీద నడిచే యాప్‌లు ఇంకా ఉన్నాయి. తెలుగు అక్షరాలు విడివిడిగా, పళ్ల సందులున్నట్టు కనిపించే బటన్ ఎదురైతే కారణం ఇదే అయి ఉండవచ్చు. తెలుగుకు `letterSpacing` సున్నా చేస్తే ఒక్క మాటా మార్చకుండానే కొంత చోటు తిరిగొస్తుంది.

ఇక అనువాదకుల వైపు చూద్దాం. యాప్ తెర మీద కనిపించే మాటలన్నీ ప్రోగ్రాం లోపల కలగలిసి ఉండవు. ఆండ్రాయిడ్‌లో వాటిని విడిగా ఒక ఫైల్‌లో పెడతారు. ఇంగ్లీషుది `res/values/strings.xml`, తెలుగుది `res/values-te/strings.xml`. ఇందులో te అన్నది తెలుగుకు అంతర్జాతీయ సంకేతం. ఫోన్ భాష తెలుగైతే రెండో ఫైల్‌లోని మాట తీసుకుంటుంది, అందులో లేకపోతే మొదటిదానికి పోతుంది. ఒక్కో మాటకూ ఒక పేరు ఉంటుంది. ఆ పేరు, ఇంగ్లీషు మాట, పక్కన ఖాళీ గడి. అనువాదకుడి ముందు తెర ఉండదు, ఈ పట్టికే ఉంటుంది. Cancel అన్న మాట ఏ బటన్ మీదిదో, ఆ బటన్ ఎంత వెడల్పో అతనికి తెలియదు. టికెట్‌ను రద్దు చేసే Cancel ఒకటి, ఊరికే పెట్టెను మూసి వెనక్కి వెళ్లే Cancel ఇంకొకటి. రెండింటికీ పట్టికలో ఒకే ముఖం. అందుకే కొన్ని యాప్‌లలో "వెనక్కి" అని ఉండాల్సినచోట "రద్దు చేయండి" అని ఉంటుంది. టికెట్ రద్దు పెట్టెలో ఈ రెండూ పక్కపక్కన వస్తే ఇంక చెప్పేదేముంది.

ఈ పట్టికల్లో కొన్నిసార్లు ఒక హద్దు కూడా పెడతారు, 15 అక్షరాలు మించకూడదని. మంచి ఉద్దేశమే, కానీ తెలుగు విషయంలో ఆ కొలబద్ద తప్పు. కంప్యూటర్ తెలుగును మనం చూసినట్టు చూడదు. యూనికోడ్‌లో హల్లు ఒక సంకేతం, గుణింతం ఒకటి, వత్తును కలిపే పొల్లు ఇంకొకటి. "స్త్రీ" మనకు ఒక అక్షరం. కంప్యూటర్‌కు స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం కలిసి ఆరు. తెర మీద అది తినే చోటు మాత్రం ఒకటిన్నర అక్షరమంత. "సమయం" అన్న మాట కంప్యూటర్‌కు నాలుగే. తెర మీద దాని చోటు "స్త్రీ"కి రెట్టింపు పైమాటే, ఎందుకంటే మ, య లాంటివి వెడల్పాటి అక్షరాలు. అంటే సంఖ్య పెరిగితే వెడల్పు పెరుగుతుందన్న నమ్మకం లేదు, తగ్గితే తగ్గుతుందన్న నమ్మకమూ లేదు. "టికెట్‌ను రద్దు చేయండి" కంప్యూటర్ లెక్కలో 22 అవుతుంది. 15 హద్దుగా ఉంటే పట్టిక ఎర్రగా మెరిసి తిప్పికొడుతుంది. దాంతో అనువాదకుడు వత్తులు, గుణింతాలు తక్కువున్న మాట కోసం వెతుకుతాడు, చోటు తక్కువ తినే మాట కోసం కాదు. హద్దు పెట్టదలిస్తే డీపీల్లో చెప్పాలి. అంతకంటే తేలిక, ఆ మాట ఏమిటో ఒక ముక్క రాసి పెట్టడం. ఇంగ్లీషు ఫైల్‌లోనే ప్రతి మాట పైనా ఇలాంటి వ్యాఖ్య పెట్టే వీలుంది:

```xml
<!-- టికెట్‌ను నిజంగా రద్దు చేసే బటన్.
     అక్షరాలకు చోటు 112dp. పక్కన "Keep ticket" ఉంటుంది. -->
<string name="cancel_ticket">Cancel ticket</string>
```

ఈ రెండు వరుసలు రాయడానికి ఇంజనీరుకు అర నిమిషం పడుతుంది. అవి లేకపోతే అనువాదకుడు చీకట్లో బాణం వేయాలి. వ్యాఖ్యతో పాటు తెర బొమ్మ ఒకటి జతచేస్తే ఇంకేం కావాలి.

ఇప్పుడు మన బటన్‌కే మంచి మాటలు కుదురుద్దాం. తెలుగు పొడుగు భాష అనే నింద ఒకటి బాగా చలామణిలో ఉంది. నిజమెంతో చూడాలంటే Yesterday పక్కన "నిన్న" పెట్టండి, Tomorrow పక్కన "రేపు", Account పక్కన "ఖాతా", Not available పక్కన "లేదు". ఇంగ్లీషువాళ్లు మూడు మాటల్లో చెప్పే రోజును మనం "మొన్న" అని తేల్చేస్తాం. బటన్ల మీద తెలుగు పొడుగెక్కడానికి సగం కారణం మనం ఎంచుకునే మాటలే. Share అనే అయిదు అక్షరాలకు "భాగస్వామ్యం చేయండి" అని రాసిన యాప్‌లు ఉన్నాయి. ఫొటో పంపుతూ ఏ తెలుగువాడైనా ఆ మాట అన్నాడా? "పంచుకో" అనొచ్చు, "షేర్" అన్నా ఎవరికీ అభ్యంతరం ఉండదు. Log out కు "నిష్క్రమించండి" కంటే "లాగౌట్" జనం నోట్లో ఉన్న మాట. సంస్కృత నామవాచకం ఒకటి తెచ్చి దానికి "చేయండి" తగిలించడం అనువాద పట్టికల్లో పుట్టిన రోగం. పట్టికలో ప్రతి గడీ నిండాలి, ఎక్కడా ఇంగ్లీషు వాసన రాకూడదు అనే పట్టుదల నుంచి అది వచ్చింది. ఆ పట్టుదల మీద గౌరవం ఉంది గానీ, బటన్ దానికి తగిన వేదిక కాదని నా అభిప్రాయం.

ఇక "చేయండి"లోని "ండి" సంగతి. చోటు చాలనప్పుడు మొదట దాని మీదే కన్ను పడుతుంది, వెంటనే మొహమాటమూ వస్తుంది. అరవై ఏళ్ల మనిషిని పట్టుకుని ఫోన్ "చేయి", "పంపు" అనడమేమిటి? మర్యాద కాదు కదా? ఇక్కడ ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో చూసుకుంటే చిక్కు విడిపోతుంది. "మీ పిన్ నంబరు ఇవ్వండి" అన్నప్పుడు ఫోన్ మనిషిని అడుగుతోంది. అక్కడ "ండి" పోకూడదు, ఎంత చోటు చాలకపోయినా పోకూడదు. బటన్ అలా కాదు. బటన్ నొక్కినప్పుడు మనిషి ఫోన్‌కు పని చెబుతున్నాడు. "పంపు" అని చెప్పేది మనం, వినాల్సింది యంత్రం. యంత్రానికి "అండి" అక్కర్లేదు. పెద్ద కంపెనీల యాప్‌లలో రెండు పద్ధతులూ కనిపిస్తాయి. నేను మాత్రం వాక్యాల్లో "ండి", బటన్ల మీద "చేయి", "పంపు", "వెతుకు" అనే పద్ధతికే ఓటేస్తాను. ఒకటే షరతు, యాప్ మొత్తం ఒకే పద్ధతి నడవాలి. ఒక తెర మీద "పంపు", మరో తెర మీద "పంపండి" ఉంటే మొదటిది నిజంగానే కసురుకున్నట్టు వినిపిస్తుంది.

ఈ రెండు సూత్రాలతో మన జంటను తిరగరాద్దాం. "టికెట్ రద్దు" అంటే సరిపోతుందా? కంప్యూటర్ లెక్కలో 12, ఇంగ్లీషు మాట కంటే ఒకటి తక్కువే. వెడల్పు 60 డీపీ దగ్గర. చోటు సమస్య తీరింది. కానీ రెండో బటన్ "టికెట్ ఉంచు" అయితే రెండూ ఒకే మాటతో మొదలవుతాయి. పెద్ద అక్షరాలు పెట్టుకున్న ఫోన్‌లో తోక తెగితే మళ్లీ "టికెట్…", "టికెట్…" మిగులుతాయి. జంట బటన్లకు నేను చెప్పే నియమం, మొదటి మాటే వేరుగా ఉండాలి. అందుకని ఒకటి "రద్దు చేయి", ఇంకొకటి "టికెట్ ఉంచు". మొదటిదానికి 48 డీపీ, రెండోదానికి 66. ఏది ఎక్కడ తెగినా "రద్దు…" ఒక వైపు, "టికెట్…" ఒక వైపు ఉంటాయి. "రద్దు చేయవద్దు" అనే నిషేధ రూపం పూర్తిగా తప్పించుకున్నాం. తెలుగులో "వద్దు" చివర వచ్చే ఏ మాటా బటన్ మీద క్షేమం కాదు. దాని బదులు చేసే పని ఏమిటో చెప్పాలి. "సేవ్ చేయవద్దు" కంటే "వదిలెయ్", "తొలగించవద్దు" కంటే "ఉంచు" మేలు. ఏమీ తోచకపోతే ఒంటరిగా "వద్దు" అన్నా నయమే, పైనున్న ప్రశ్న సూటిగా ఉంటే చాలు.

కుదించడానికి ఇంగ్లీషువాళ్లు వాడే మరో దారి పొట్టి మాటలు. Qty, Msg, Acct అని రాస్తే వాళ్లకు అర్థమవుతుంది. మనకు రూ., కి.మీ., సం. లాంటి కొన్ని తప్ప అందరూ పోల్చుకునే పొట్టి రూపాలు లేవు. "ర.చే." అని బటన్ మీద పెడితే అదేదో పాత దస్తావేజులో సంతకంలా ఉంటుంది.

ఇంతవరకూ వెడల్పు గొడవ. ఎత్తు గొడవ దీనికంటే మోసకారి, ఎందుకంటే అక్కడ మూడు చుక్కలు కూడా రావు, మాట చెడిపోయినట్టు ఏ పరికరమూ చెప్పదు. ఇంగ్లీషు అక్షరం ఒక గీత మీద కూర్చుంటుంది, g, y లాంటి నాలుగైదు మాత్రం కొద్దిగా కిందికి వేలాడతాయి. తెలుగు అక్షరానికి పైన తలకట్టు, గుడి, కింద వత్తు, కొన్నిసార్లు వత్తు కింద వత్తు. "రాష్ట్రం", "లక్ష్మి" రాసి చూడండి, గీతకు దిగువ ఎంత చోటు కావాలో తెలుస్తుంది. ఇంగ్లీషు కొలతకు బిగించిన బటన్‌లో ఆ దిగువ భాగం అంచు కిందికి జారి మాయమవుతుంది. "చెల్లింపు" అనేది "చెలింపు" అవుతుంది, "రద్దు" కాస్తా "రదు" అవుతుంది. ఇంగ్లీషు మాత్రమే తెలిసిన పరీక్షకుడికి తెర బాగానే ఉన్నట్టు తోస్తుంది. వత్తు తెగిందని తెలుగు చదివేవాడు మాత్రమే చెప్పగలడు.

దీనికి ఆండ్రాయిడ్‌లో చాలాకాలం ఒక రాజీ నడిచింది. తెలుగు, తమిళం, కన్నడం, మలయాళం లాంటి లిపులకు రెండు రకాల ఫాంటు రూపాలు ఉంచారు. ఒకటి సహజమైన ఎత్తున్నది, రెండోది ఇంగ్లీషు వరుసలో ఇమిడేలా నిలువుగా నొక్కి కుదించినది. బటన్లు, మెనూలు రెండో దాన్ని వాడుకునేవి. మాట తెగేది కాదు గానీ ఊపిరాడనట్టు ఉండేది. ఏది వాడాలో నిర్ణయించే మీట పేరు `elegantTextHeight`. ఆండ్రాయిడ్ 15 కోసం తయారుచేసిన యాప్‌లలో ఇది తానుగా సహజమైన ఎత్తు వైపు తిరిగింది. ఆండ్రాయిడ్ 16 కోసం తయారైన వాటిలో వెనక్కి తిప్పే వీలే లేకుండా చేశారు. తెలుగు పాఠకుడికి ఇది శుభవార్తే. అయితే, ఇన్నాళ్లూ నొక్కిన ఫాంటుతో సర్దుకుపోయిన బటన్లకు ఇప్పుడు అక్షరాలు ఎత్తు పెరుగుతాయి. ఎత్తును ఒక అంకెకు బిగించేసిన బటన్లలో వత్తులు కొత్తగా తెగడం మొదలవుతుంది. నిన్నటిదాకా బాగున్న యాప్ ఒక అప్‌డేట్ తర్వాత "చెలింపు" అని చూపిస్తే ముందుగా అనుమానించాల్సింది దీన్నే.

మందు చాలా చిన్నది. బటన్‌కు ఎత్తు నిర్ణయించకూడదు, కనీస ఎత్తు మాత్రం చెప్పాలి. వేలికి అందేందుకు 48 డీపీ ఉంటే చాలు, ఆపైన మాట ఎంత అడిగితే అంత పెరగనివ్వాలి. ఒక వరుస చాలకపోతే రెండో వరుసకు దిగనివ్వాలి:

```xml
<com.google.android.material.button.MaterialButton
    android:layout_width="match_parent"
    android:layout_height="wrap_content"
    android:minHeight="48dp"
    android:maxLines="2"
    android:letterSpacing="0"
    android:text="@string/cancel_ticket" />
```

రెండో వరుసకు దిగినప్పుడు ఒకటి గమనించాలి. తెలుగు మాట ఖాళీ దగ్గరే విరగాలి. "రద్దు" పై వరుసలో, "చేయి" కింద వరుసలో పడితే బాగుంటుంది. ఖాళీ లేని పొడుగు మాట, "పునరుద్ధరించబడుతోంది" లాంటిది, ఎక్కడ పడితే అక్కడ విరిగి అనాథ అక్షరం ఒకటి కిందికి జారుతుంది. బటన్ల మీద రెండు చిన్న మాటలు ఒక పెద్ద మాట కంటే ఎప్పుడూ సురక్షితం. వరుసల మధ్య ఎడం కూడా ఇంగ్లీషు కంటే కొంచెం ఎక్కువ ఉండాలి, లేకపోతే పై వరుస వత్తులు కింది వరుస గుడుల్లో చిక్కుకుంటాయి.

అక్షరాలను తానుగా కుదించే సదుపాయం కూడా ఉంది. ఆండ్రాయిడ్ 8 నుంచి వచ్చింది, మాట పట్టేదాకా పరిమాణం తగ్గిస్తూ పోతుంది. ఇంజనీర్లకు ఇది చాలా ఇష్టం, ఎందుకంటే అనువాదకుడితో మాట్లాడే అవసరం లేకుండా పని గడిచిపోతుంది. తెలుగుకు దీన్ని నేను సిఫారసు చేయను. ఇంగ్లీషు అక్షరం 10 పరిమాణంలోనూ పోల్చుకోవచ్చు, ఎందుకంటే దాని గీతలు తక్కువ. అదే పరిమాణంలో తెలుగు ఘ, ఝ, వత్తులు అన్నీ మసి మరకలవుతాయి. పైగా పక్కపక్క బటన్లలో ఒకటి 14లోనూ ఇంకొకటి 11లోనూ కనిపిస్తే, ఒకటి ముఖ్యమైనదనీ రెండోది కాదనీ వాడేవాళ్లు అనుకుంటారు. టికెట్ రద్దు లాంటి చోట అది చిన్న విషయం కాదు. వెడల్పు తగ్గించాలనుకుంటే పరిమాణం ముట్టుకోకుండా, సన్నగా పోతపోసిన ఫాంటు తీసుకోవచ్చు. అనేక్ తెలుగు అనే ఉచిత ఫాంటులో వెడల్పును ఇరుకు నుంచి విశాలం దాకా మార్చుకునే ఏర్పాటే ఉంది. ఎత్తు అలాగే ఉండి అక్షరాలు కొంచెం సన్నబడతాయి. తెర అడుగున ఉండే అయిదు గడుల పట్టీ లాంటి చోట ఇది బాగా పనికొస్తుంది. అక్కడ 360ని అయిదుతో భాగిస్తే గడికి 72 డీపీలే వస్తాయి, రెండో వరుసకు దిగే వీలూ ఉండదు.

అన్నింటికంటే మంచి మందు బటన్లను పేర్చే తీరులో ఉంది. పక్కపక్కన పెడితే ఒక్కో మాటకు 112 డీపీ. ఒకదాని కింద ఒకటి పెడితే 280. అంటే తెలుగులో దాదాపు ఏ బటన్ మాటైనా పట్టేస్తుంది. ఆండ్రాయిడ్ సొంత హెచ్చరిక పెట్టెలో మాటలు పక్కపక్కన పట్టవని తెలిస్తే బటన్లు వాటంతటవే కిందికి పేరుకుంటాయి. సొంతంగా పెట్టెలు గీసుకున్న యాప్‌లలోనే ఈ తెలివి కొరవడుతుంది.

ఇదంతా సరిగా కుదిరిందో లేదో తెలుసుకోవడానికి విడుదల రోజు దాకా ఆగనక్కర్లేదు. తెలుగు మాటలు రాకముందే పరీక్షించే కిటుకు ఒకటి ఆండ్రాయిడ్‌లో ఉంది. `en-XA` అనే దొంగ భాష. ఇంగ్లీషు మాటలనే కొమ్ములు, తోకలు తగిలించి పొడిగించి చూపిస్తుంది. ఏ బటన్ పొడుగు మాటకు తట్టుకోలేదో అక్కడే బయటపడుతుంది. పొడిగింపు ఎంత ఉండాలి అన్నదానికి ఐబీఎం పాత సూచిక ఒకటి ఇప్పటికీ వాడుకలో ఉంది. ఇంగ్లీషు నుంచి యూరప్ భాషల్లోకి వెళ్లేటప్పుడు పది అక్షరాల లోపు మాటకు రెండు నుంచి మూడు రెట్ల చోటు ఉంచుకోమంటుంది, డెబ్బై దాటిన వాక్యానికి మాత్రం 30 శాతం అదనం చాలంటుంది. పొడుగు వాక్యాలు సర్దుకుంటాయి, చిన్న మాటలే గొడవ చేస్తాయి. బటన్ల మీద ఉండేవి చిన్న మాటలే. అయితే ఈ దొంగ భాష వెడల్పును పట్టిస్తుంది గానీ వత్తును పట్టించలేదు. దానికి నిజం తెలుగే కావాలి. పరీక్ష మాటగా "రాష్ట్రం", "లక్ష్మి", "చెల్లింపు" పెట్టి చూస్తే ఎత్తు సంగతి తేలిపోతుంది.

తర్వాత చేయాల్సింది ఫోన్ సెట్టింగ్స్‌లో అక్షర పరిమాణం పెంచి చూడడం. తెలుగులో యాప్ వాడేవాళ్లలో పెద్దవాళ్లు చాలామంది ఉంటారు, వాళ్ల ఫోన్లలో అక్షరాలు పెద్దవిగానే ఉంటాయి. ఆండ్రాయిడ్ 14 నుంచి రెట్టింపు దాకా పెంచుకోవచ్చు. మన "రద్దు చేయి" ఒకటిన్నర రెట్లయితే 72 డీపీ, "టికెట్ ఉంచు" 99. రెండూ 112లో పట్టాయి. రెట్టింపు దగ్గరికి వస్తే "టికెట్ ఉంచు" 112 దాటి పక్కపక్కన పట్టదు, అప్పుడు బటన్లు కిందికి పేరుకోవాలి. అలా పేరుకుంటున్నాయా లేదా అన్నదే పరీక్ష. ఫోన్ మొత్తం తెలుగులోకి మార్చుకోనక్కర్లేదు, ఆండ్రాయిడ్ 13 నుంచి ఒక్క యాప్‌కే వేరే భాష పెట్టుకునే వీలుంది. ఆ వీలును యాప్ తనవైపు నుంచి తెరిచి ఉంచితే చాలు.

ఈ పరీక్ష చేయడానికి ఇంజనీరే కానక్కర్లేదు. మీరు రోజూ వాడే యాప్‌ను ఒకసారి తెలుగులోకి మార్చి, అక్షరాలు పెద్దవి చేసి, డబ్బు కట్టే తెర, రద్దు చేసే తెర, ఖాతా తొలగించే తెర తెరిచి చూడండి. మూడు చుక్కలు కనిపించినా, వత్తు తెగినా, రెండు బటన్ల మీద ఒకే మాట ఉన్నా స్క్రీన్‌షాట్ తీయండి. ప్లే స్టోర్‌లో ఆ యాప్ పేజీలో తయారీదారుల ఈమెయిల్ ఉంటుంది. బొమ్మతో పాటు ఫోన్ మోడల్, ఆండ్రాయిడ్ వెర్షన్, అక్షర పరిమాణం రాసి పంపండి. "తెలుగు బాగాలేదు" అని రాస్తే వాళ్లకు ఏం సరిచేయాలో తెలియదు. ఏ బటన్ మీద ఏ మాట తెగిందో, అక్కడ ఏ మాట పెడితే పడుతుందో కూడా రాయండి.